కాలేయానికి కసరత్తు

టోక్యోలో ఉద్యోగం చేసే మాబోటి తెలుగువాళ్లు డిసెంబరులో తప్పించుకోలేనిది బోనెన్‌కాయ్, అంటే ఏడాది చివర ఆఫీసు వాళ్లంతా కూర్చుని తాగే విందు. మొన్నటి విందులో నా పక్కన కూర్చున్న జపాన్ కుర్రవాడు సగం గ్లాసు బీరు తాగాడో లేదో, చెవుల దగ్గర మొదలై మెడ దాకా పండుమిరపకాయలా ఎర్రబడ్డాడు. గుండె దడదడలాడుతోందని, కడుపులో తిప్పుతోందని మెల్లగా చెప్పాడు. మా విభాగానికి పెద్ద అయిన కచోగారు ఆ ముఖాన్ని సావకాశంగా పరిశీలించి, "సాధన చాలలేదు. రోజూ కొంచెం కొంచెం తాగు, అదే అలవాటవుతుంది" అని తీర్పు ఇచ్చారు.

శాస్త్రం ఇంత సులభమని తెలియక పరిశోధకులు దశాబ్దాల పాటు వృథాగా శ్రమపడ్డారు. వాళ్ల లెక్క ప్రకారం కాలేయం మద్యాన్ని రెండు అంచెల్లో వదిలించుకుంటుంది. మొదటి ఎంజైమ్ దాన్ని అసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారుస్తుంది. ALDH2 అనే రెండో ఎంజైమ్ ఆ విషాన్ని హానిలేని అసిటేట్‌గా మారుస్తుంది. తూర్పు ఆసియాలో దాదాపు మూడోవంతు మందికి ఈ రెండో ఎంజైమ్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం తేడాగా ఉంటుంది, దాంతో ఎంజైమ్ సరిగా పనిచేయక విషం ఒంట్లో పేరుకుని ముఖం ఎర్రబడుతుంది. మన దేశంలో ఆ తేడా అరుదు కనుక మన విందుల్లో ఎవరి ముఖమైనా ఎర్రబడితే ముందుగా ఇతర కారణాలను అనుమానించవచ్చు.

తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి ఆ జన్యువు మంచి ప్రతి, మరొకరి నుంచి చెడ్డ ప్రతి వచ్చినవాడికి సగం పనితనమైనా మిగులుతుందని మీరు ఆశిస్తారు. కానీ ఈ ఎంజైమ్ నాలుగు ముక్కలు కలిస్తేగాని తయారుకాదు, ఒక్క ముక్క చెడ్డదైనా మిగతా వాటి పని దెబ్బతింటుంది. మంచీ చెడూ సమానంగా ఉన్న కుప్ప నుంచి చేతికందినట్టు నాలుగేసి ముక్కలు తీసి కూర్చుకుంటూ పోతే, నాలుగూ మంచివే పడేది పదహారింట ఒక్కసారి. మా కచోగారు కసరత్తు చేయించదలచినది ఆ పదహారో వంతుకే. మన ఊళ్లలో తాగుడు మాన్పించడానికి వైద్యులు ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర అడ్డుకునేది కూడా ఈ ఎంజైమ్‌నే. అక్కడ ఇల్లాళ్లు డబ్బు పోసి కొని తెచ్చే రక్షణ ఈ కుర్రవాడికి పుట్టుకతోనే ఉచితంగా దక్కింది, దాన్ని పోగొట్టడానికి ఒక పెద్దమనిషి కంకణం కట్టుకున్నాడు.

విందు సాగింది. బల్ల చుట్టూ "ఇక్కి! ఇక్కి!" అని చప్పట్లు మొదలయ్యాయి, అంటే ఒకే గుక్కలో ఖాళీ చేయమని. అనుభవజ్ఞుడైన మరో సహోద్యోగి జేబులోంచి ఎసిడిటీ మాత్ర తీసి, ముందే ఇది వేసుకుంటే ముఖం ఎర్రబడదని రహస్యం చెప్పాడు. నిజమే, ఎరుపు తగ్గుతుంది. లోపల విషం మాత్రం అంతే ఉంటుంది. ఇల్లు కాలుతుంటే మోగే గంటకు దూది కట్టిన తెలివి అది.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. రెండు ప్రతులూ చెడ్డవైనవాడు తాగలేక బతికిపోతాడు. ఒక ప్రతి మాత్రమే చెడ్డదైనవాడినే మీరు తాగించగలరు, ఏళ్లు గడిచేసరికి అతని ఎరుపు కూడా తగ్గుతుంది, అలవాటైందని మీరు సంతోషిస్తారు. అన్నవాహిక క్యాన్సర్ అపాయం తాగేవాళ్లలో అందరికన్నా ఎక్కువగా పెరిగేది ఇతనికే. అందుకే జపాన్ వైద్యులు "ఇప్పుడు ఎర్రబడతారా" అని అడిగి ఊరుకోరు, "తాగడం మొదలుపెట్టిన తొలి ఒకటి రెండేళ్లలో ఎర్రబడేవారా" అని కూడా అడుగుతారు. జపాన్‌లో చికిత్సకు వచ్చిన మద్య వ్యసనపరుల్లో ఇలా ఒక చెడ్డ ప్రతి ఉన్నవాళ్లు 1979లో 2.5 శాతం, 1986లో 8 శాతం, 1992లో 13 శాతం. పదమూడేళ్లలో ఒక జాతి జన్యువులు మారవు. మారినది బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లే. వద్దని ఒళ్లంతా ఎర్రజెండా ఊపుతున్నవాడి చేతిలో గ్లాసు పెట్టి చప్పట్లు కొట్టినవాళ్లలో ఎంతమంది తర్వాత ఆసుపత్రికి వెళ్లి ఆ మంచం పక్కన కూర్చున్నారు?

రెండో విడతకు కుర్రవాడు లేచి వెళ్లి వడ్డించే అమ్మాయి చెవిలో ఏదో చెప్పివచ్చాడు. అతని ముందుకు గోధుమరంగు గ్లాసు వచ్చింది. షోచూ అనే జపాన్ సారా కలిపిన ఊలాంగ్ టీకీ, ఏమీ కలపని ఊలాంగ్ టీకీ చూడ్డానికి తేడా ఉండదు. అతడు మూడు గ్లాసులు గటగటా తాగాడు. ముఖం తెల్లగానే ఉంది.

కచోగారు నా భుజం తట్టి, "చూశావా, సాధన" అన్నారు.