ఎవరి బాకీ ఈ రూపాయి?

మన దేశంలో ఒక మహత్తర ఆర్థిక విప్లవం 2022 డిసెంబరు 1న మొదలైంది. మీరు గమనించలేదంటే తప్పు విప్లవానిది కాదు. ఆ రోజు రిజర్వు బ్యాంకు సామాన్యుడి వాడకానికి డిజిటల్ రూపాయిని, అంటే ఈ-రూపాయిని, నాలుగు నగరాల్లో నాలుగు బ్యాంకుల ద్వారా ప్రయోగాత్మకంగా వదిలింది. బాధ్యత గల పౌరుణ్ణి కనుక నేనూ, కాస్త ఆలస్యంగానే అయినా, వాలెట్ తెరిచి 500 రూపాయలు నింపుకుని టిఫిన్ బండి దగ్గరకు వెళ్లాను. క్యూఆర్ కోడ్ మీద ఫోను పెట్టి, రెండు ప్లేట్ల ఇడ్లీకి 60 ఈ-రూపాయలు చెల్లించాను. బండి మీది స్పీకరు పెట్టె "అరవై రూపాయలు వచ్చాయి" అంది. నిన్న మామూలు యూపీఐలో కొట్టినప్పుడు కూడా ఆ గొంతు అదే మాట అంది. చరిత్ర మారిన సంగతి దానికి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఈ అవమానాన్ని పెద్దనాన్నతో చెప్పుకున్నాను. ఆయన నలభై ఏళ్లు ప్రోనోట్ల మీద అప్పులిచ్చిన మనిషి. ఆయన లెక్కలో డబ్బు అనే వస్తువే లేదు. ఎవడో ఒకడు ఇంకొకడికి పడ్డ బాకీ ఉంది, అంతే. అందుకే నా ఫోను చేతిలోకి తీసుకోకుండానే అడిగాడు: "ఒరే, ఆ అరవై ఎవడి బాకీరా?"

పాఠకులారా, దేశంలోని ఆర్థిక నిపుణులు రెండు గంటల ఉపన్యాసంలో చెప్పేది ఈ ఒక్క ప్రశ్నలో ఉంది.

ముందు బ్యాంకు ఖాతా సంగతి. నా ఖాతాలో 40 వేలు ఉన్నాయంటే బ్యాంకు బీరువాలో నా పేరు రాసిన కట్ట ఉందని కాదు. బ్యాంకు నాకు 40 వేలు బాకీ ఉందని ఒక పద్దు ఉంది. కౌంటరు దగ్గర మనం చేతులు కట్టుకుని నిలబడతాం గానీ, చట్టం ప్రకారం అప్పిచ్చినవాళ్లం మనం, తీసుకున్నది వాళ్లు. ఆ బాకీదారు ఇబ్బందుల్లో పడితే ఏమవుతుందో 2020 మార్చి 5న యెస్ బ్యాంకు ఖాతాదారులు చూశారు. మారటోరియం పెట్టి, 50 వేలకు మించి తీసుకోవద్దన్నారు. 18న ఎత్తేశారు కనుక కథ సుఖాంతమే. బ్యాంకు నిజంగా మునిగిపోతే డిపాజిట్ బీమా ఒక్కొక్కరికి ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకు, వడ్డీతో కలిపి. ఆపైన ఉన్నవాళ్లు లైనులో నిలబడాలి.

ఇక యూపీఐ అంటే డబ్బు కాదు, దారి. నా బ్యాంకు పద్దులో 60 తీసి, బండివాడి బ్యాంకు పద్దులో 60 కలపమని చెప్పే కబురు అది. ఆ తర్వాత రెండు బ్యాంకులూ తమలో తాము రిజర్వు బ్యాంకు దగ్గరున్న ఖాతాల్లో లెక్క తేల్చుకుంటాయి. స్పీకరు పెట్టెకు ఈ గొడవ పట్టదు.

ఈ-రూపాయి పద్దు కాదు, నోటే. 2022 ఫైనాన్స్ చట్టంలో రిజర్వు బ్యాంకు చట్టాన్ని సవరించి, కాగితమైనా డిజిటలైనా బ్యాంకు నోటు బ్యాంకు నోటే అని రాశారు. కనుక అది రిజర్వు బ్యాంకు బాకీ. నేను వాలెట్‌లోకి 500 నింపినప్పుడు జరిగింది ఇది: నా ఖాతాలో 500 తగ్గింది, రిజర్వు బ్యాంకు దగ్గర నా బ్యాంకుకున్న నిల్వలో 500 తగ్గింది, చలామణీలో ఉన్న ఈ-రూపాయలు 500 పెరిగాయి. బాకీదారు మారాడు. రేపు నా బ్యాంకు మునిగినా, సూత్రం ప్రకారం ఆ 500 దాంతో పాటు మునగదు. సందర్భం వచ్చింది కనుక చెబుతున్నా, ప్రయోగానికి ఎంచుకున్న మొదటి నాలుగు బ్యాంకుల్లో యెస్ బ్యాంకూ ఒకటి. అనుభవానికి విలువ ఇవ్వడమంటే ఇదే.

మరి నా విప్లవం ఇడ్లీ బండి దగ్గర ఎందుకు ఆవిరైంది? బండివాడికి ఈ-రూపాయి వాలెట్ లేదు. అలాంటప్పుడు సొమ్ము అతని బ్యాంకు ఖాతాలో పడుతుంది. రిజర్వు బ్యాంకు బాకీగా నా జేబులోంచి బయల్దేరిన రూపాయి, అతని దగ్గరకు చేరేసరికి మామూలు బ్యాంకు బాకీ అయిపోయింది. చట్నీ వడ్డించేలోపు ఇంత జరిగింది.

పెద్దనాన్న సగం తృప్తిపడ్డాడు. "బాకీదారు గట్టివాడే. 2016 నవంబరు సంగతి మర్చిపోదాం. వడ్డీ ఎంత?"

"వడ్డీ లేదు పెద్దనాన్నా."

ఆయన మొహం చూసి నేను రిజర్వు బ్యాంకు తరఫున వకాల్తా పుచ్చుకోవలసి వచ్చింది. జేబులో నోటుకు వడ్డీ ఎవరిస్తారు? పైగా దీనికి వడ్డీ కూడా ఇస్తే, ఏ బ్యాంకు మీద పుకారు లేచినా జనం క్యూ కట్టే పని లేకుండా, రాత్రి పడుకుని బొటనవేలితో డిపాజిట్లన్నీ ఈ-రూపాయల్లోకి మార్చేస్తారు. తెల్లారేసరికి అప్పులివ్వడానికి బ్యాంకు దగ్గర ఏమీ మిగలదు. కనుక జనం మరీ ఇష్టపడకుండా ఉండేలా తయారుచేశారు. ఈ విషయంలో విజయం సంపూర్ణం. 2025 మార్చి చివరికి చలామణీలో ఉన్న ఈ-రూపాయలు 1,016 కోట్లు. కాగితం నోట్లు 36 లక్షల కోట్ల పైచిలుకు. 2023 డిసెంబరులో ఒకసారి రోజుకు 10 లక్షల లావాదేవీలు దాటాయి. కొన్ని బ్యాంకులు తమ సిబ్బందికి రావలసిన సొమ్మును ఆ వాలెట్లలోనే వేశాయని వార్తలొచ్చాయి. ప్రజాదరణకు బ్యాంకు ఉద్యోగులూ ప్రజలే కదా.

"మరి మీ బావమరిది కొన్న ఆ కాయిన్లు?" అన్నాడు పెద్దనాన్న.

బిట్‌కాయిన్ ఎవడి బాకీ అని అడిగితే జవాబు: ఎవడిదీ కాదు. రాసిచ్చినవాడు లేడు, వడ్డీ లేదు, తిరిగి ఇవ్వాల్సినవాడు లేడు. వేల కంప్యూటర్లు ఒకే చిట్టా పుస్తకాన్ని ఉంచుకుని ఒకదాన్నొకటి సరిచూసుకుంటాయి. మొత్తం 2 కోట్ల 10 లక్షల కాయిన్లకు మించి పుట్టవని ప్రోగ్రాంలోనే రాసి ఉంది. ఈ-రూపాయి ఎన్ని ఉండాలో రిజర్వు బ్యాంకు చేతిలో ఉంటుంది, దాని ధర ఎప్పుడూ ఒక్క రూపాయే. బిట్‌కాయిన్ ధర మాత్రం అవతలివాడు ఎంతిస్తే అంత. దాని రహస్య తాళం పోగొట్టుకుంటే ఏ అంబుడ్స్‌మన్‌కూ అర్జీ పెట్టలేం. మన ప్రభుత్వం దాన్ని డబ్బుగా ఒప్పుకోదు గానీ, 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను మాత్రం వసూలు చేస్తుంది. ఒకదాంట్లో నష్టం వస్తే ఇంకోదాని లాభంలోంచి తీసేసుకోవడానికి వీల్లేదు. లాభమొస్తే వాటాదారు, నష్టమొస్తే పక్కింటాయన.

"బాకీదారే లేనప్పుడు ప్రోనోటు దేనికిరా, చింపి పారెయ్," అన్నాడాయన. బావమరిదికి ఈ తీర్పు ఇంకా తెలియపరచలేదు.

ఇక మిగిలింది ఒక్క గొప్పతనం. కాగితం నోటుకూ ఖాతాలో పద్దుకూ లేని విద్య ఈ-రూపాయికి నేర్పవచ్చు: దేనికి ఖర్చు కావాలో ముందే చెప్పి పంపడం. పట్టాదారు పాసుపుస్తకం లేని కౌలు రైతుకు అప్పివ్వడానికి బ్యాంకులు వెనకాడతాయి. విత్తనాలకూ ఎరువులకూ తప్ప ఖర్చు కాని ఈ-రూపాయలు ఇస్తే, భూమి కాగితం లేకపోయినా అప్పివ్వడానికి బ్యాంకుకు ధైర్యం వస్తుందని రిజర్వు బ్యాంకు ఆలోచన. మంచి ఆలోచనే. పిల్లవాడికి జ్వరమొస్తే ఆ రూపాయి ఆసుపత్రి గుమ్మం దగ్గర ఏం చేస్తుందన్నది నా చిన్న సందేహం.

ఇదంతా గంభీరంగా వివరించాను. ఆయన శ్రద్ధగా విని, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అంటే రైతుకు డబ్బు చేతికివ్వకుండా, ఫలానా కొట్లో ఎరువు తీసుకోమని షావుకారు చీటీ రాసివ్వడం. అంతేనా?"

"అంతే పెద్దనాన్నా. కాకపోతే ఈ చీటీ రిజర్వు బ్యాంకు రాస్తుంది."

"మా రోజుల్లో ఆ చీటీని రైతు కొట్లోనే వందకు ఎనభై తీసుకుని అమ్ముకునేవాడురా. దీనికి ఎంతిస్తారో కనుక్కో."