సవరణ: పరంజా మీది నుంచి పడిన ప్రమాదం

"సేఫ్టీ బెల్టు పెట్టుకోలేదు, అందుకే పడిపోయాడు" అని ముందటి పోస్టులో నేను రాసింది తప్పు. సైట్ ప్రమాద రిజిస్టరు, పలకలు కదిలించకముందు తీసిన ఫొటోల ప్రకారం ఆ కార్మికుడు హెల్మెట్, బెల్టు రెండూ ధరించే ఉన్నాడు గానీ, బెల్టు కొక్కెం తగిలించుకోవడానికి ఆ అంతస్తులో లైఫ్‌లైను కట్టలేదు. నడిచే చెక్క పలక ఆధారపు గొట్టాన్ని దాటి దాదాపు రెండడుగులు బయటికి ఉండగా, దాని రెండో కొసను కట్టకపోవడం వల్ల, అతను చివర కాలు పెట్టగానే అది తిరగబడింది. క్లాంపు వదులై రెయిలింగ్ గొట్టం అప్పటికే పక్కకు జారి ఉంది. రాత్రి వాన వల్ల పలక తడిగా ఉన్న మాట నిజమే, అయితే పడిన వేళకు వాన, ఈదురుగాలి లేవు, కాలు జారిన ఆనవాలూ లేదు. రిజిస్టరులో "బెల్టు: ఉంది" అన్న మాటకు పక్కనే "కొక్కెం: తగిలించలేదు, తగిలించే చోటు లేదు" అని విడిగా ఉన్న నమోదును నేను చూడలేదు.