పేరు చూడగానే ఆట అర్థమైపోతే ఇంక పరువేం మిగుల్తుంది?

బోర్డ్ గేమ్ పేరు చదవగానే అందులో ఏం చెయ్యాలో ఎదుటోడికి లీలగా తెలిసిపోవాలంట. ఈ ప్రమాదకరమైన వాదన ఈమధ్య మన విశాఖపట్నంలో కూడా బయల్దేరింది, దీన్ని ఇప్పుడే ఖండించకపోతే రేప్పొద్దున్న శుభలేఖల మీద పెళ్లికొడుకు పేరు బదులు జీతం వెయ్యమంటారు కాబట్టి బాధ్యత గల పౌరుడిగా ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

అసలు ఈ దురలవాటు మన పూర్వీకులతోనే వచ్చింది. గుడి మండపాల్లో రాతి మీద గీతలు చెక్కుకుని మరీ ఆడిన ఆటకి వాళ్లు పెట్టిన పేరు చూడండి, పులి-మేక. అంతే. ఇంత సిగ్గులేకుండా ఉన్నదంతా చెప్పేస్తారా ఎవరైనా? ఆ పేరు వినగానే ఆరేళ్ల పిల్లకి కూడా మూడు విషయాలు తెలిసిపోతాయి, ఇటు అటు బలం సమానం కాదు, ఒక పక్కోడు తింటాడు, రెండో పక్కోడు గుంపుగా ఉంటేనే బతుకుతాడు. ఇంక మిగిలిందల్లా పులి మేక మీంచి దూకితే మేక పోతుంది, మేకలన్నీ చుట్టుముట్టి పులికి కదిలే దారి లేకుండా చేస్తే పులి పోతుంది అని చెప్పడమే, అర నిమిషం పని. రూల్‌బుక్ లేదు, యూట్యూబ్ వీడియో లేదు, నేర్పే పెద్దమనిషికి గౌరవం లేదు.

నాగరిక ప్రపంచం దీన్నుంచి ఎలా బయటపడిందో చూడండి. జర్మనీలో 1995లో క్లౌస్ టాయ్‌బర్ గారు తెచ్చిన ఆట ఇంగ్లీషులో సెటిలర్స్ ఆఫ్ కటాన్‌గా పేరుపడింది, అందులో సెటిలర్స్ అనే ముక్క వల్ల ఎక్కడికో వెళ్లి ఊళ్లు కట్టుకునే ఆట అని కాస్త లీకయ్యేది. 2015లో ఆ మొదటి ముక్క పీకేసి ఒట్టి కటాన్ అని ఉంచారు. కటాన్ అంటే ఏంటి? లేని దీవి. చదివినవాడికి ఒక్క ముక్క అర్థం కాదు, అదీ హుందాతనం. అప్పటికి ఇరవై ఏళ్లుగా ఆట అందరికీ తెలుసు కాబట్టి వాళ్లకి చెల్లింది అని మీరు అనొచ్చు, అలాంటి చిన్న చిన్న తేడాలు పట్టించుకుంటే మనం ఎప్పటికీ ఎదగం.

ఇప్పుడు అసలు కేసుకొస్తాను. ఎంవీపీ కాలనీలో మా బావమరిది కొడుకు, వాడి ఫ్రెండ్సూ కలిసి ఒక గేమ్ తయారుచేశారు. ఫిషింగ్ హార్బర్ నుంచి బోటు వేసుకుని సముద్రంలోకి వెళ్తాం, బోటులో 3 ఐస్ దిమ్మలుంటాయి. ఒక గుడ్డసంచిలో 30 బిళ్లలు, 24 చేపలు, 6 గాలి. మన వంతు రాగానే సంచిలో చెయ్యి పెట్టి ఒక బిళ్ల తియ్యాలి, అదే వల వెయ్యడం, చేప వస్తే బోటులో పెట్టుకోవాలి, గాలి వస్తే ఆలస్యమైనట్టు, ఒక ఐస్ దిమ్మ పోతుంది. తీసిన బిళ్ల మళ్లీ సంచిలోకి వెళ్లదు. ఎన్నిసార్లయినా తియ్యొచ్చు, ఎప్పుడైనా చాలు అని జెట్టీకి వచ్చి చేపలు అమ్ముకోవచ్చు, కానీ మూడో దిమ్మ కూడా పోయిందా, ఆ ట్రిప్పు చేపలన్నీ కుళ్లిపోయినట్టే, సున్నా.

ఆటంతా ఆ ఒక్క నిమిషంలోనే ఉందండి. అప్పటికే 8 చేపలొచ్చాయి, అందులో వంజరాలు కూడా ఉన్నాయి, రెండు దిమ్మలు కరిగిపోయాయి, సంచిలో ఇంకా 20 బిళ్లలున్నాయి, వాటిలో 4 గాలి. అంటే అయిదింట్లో ఒక్కసారి మొత్తం మునుగుతాం, నాలుగుసార్లు ఇంకో చేప. చూట్టానికి మంచి బేరమే, కానీ గెలిస్తే వచ్చేది ఒక్క చేప, ఓడితే పోయేది ఎనిమిది. లెక్క తెలిసినోడు జెట్టీకి వచ్చేస్తాడు, సంచిలో చెయ్యి ఉన్నోడు మాత్రం రాడు. చుట్టూ ఉన్నోళ్లంతా ఇంకో వల, ఇంకో వల అని ఎగదోస్తుంటారు.

సరే పేరు. కుర్రాళ్లు ఆ అరుపునే పేరుగా పెట్టేద్దామన్నారు. "ఇంకో వల?" అని, చివర ప్రశ్న గుర్తుతో సహా.

మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పెద్దలం ఇది విని ఊరుకుంటామా? వెంటనే నామకరణ కమిటీ వేశాం, టీ సమోసాల మధ్య సుదీర్ఘంగా చర్చించి ఏకగ్రీవంగా "సాగర సామ్రాజ్యం: విశాఖ మహావైభవం" అని తీర్మానించాం. మధ్యలో ఉన్న ఆ రెండు చుక్కలు గమనించారా, అవి లేకపోతే గేమ్‌కి గౌరవం ఉండదు.

ఆ బావమరిది కొడుకు, అంటే మా అల్లుడు, ఒప్పుకోలేదు. "మావయ్యా, ఇందులో సామ్రాజ్యం ఎక్కడుంది, ఒక బోటు, మూడు ఐస్ ముక్కలే కదా" అన్నాడు. అంతటితో ఆగకుండా పరీక్ష పెడదామన్నాడు. వాడి పద్ధతేంటంటే పేర్లన్నీ విడివిడి అట్టముక్కల మీద ఒకే సైజులో ఒకే రంగులో రాయాలంట, బొమ్మ అస్సలు ఉండకూడదంట, ఎందుకంటే బోటు బొమ్మ వేసేస్తే పేరు చెప్పిందో బొమ్మ చెప్పిందో మనకి తెలీదు. ఆట గురించి తెలియని మనిషికి ఒక అట్ట అయిదు సెకన్లు చూపించి దాచేసి రెండే ప్రశ్నలు అడగాలి, ఈ ఆటలో నువ్వేం చేస్తావ్, నువ్వెలా ఓడిపోతావ్. ఒక మనిషికి ఒక్క పేరే చూపించాలి, రెండోది చూపిస్తే మొదటిదాన్ని బట్టి ఊహించేస్తాడు. ముఖ్యంగా బాగుందా అని అడగకూడదంట. మన ఊళ్లో ఎవరిని అడిగినా మొహమాటానికి బాగుందనే అంటారు కదా, అదొక్కటి వాడు కరెక్టుగానే పట్టుకున్నాడు.

సాయంత్రం బీచ్ రోడ్డు మీద సబ్‌మెరైన్ మ్యూజియం ఎదురుగా మురీ మిక్చర్ బండి దగ్గర నిలబడ్డారు. మా కమిటీ పేరు చూసినవాళ్లు యుద్ధం అన్నారు, ఓడలన్నారు, దీవులు ఆక్రమించుకోవాలన్నారు, ఒకాయన వెనక్కి తిరిగి ఆ సబ్‌మెరైన్ కేసి చూపించి దీని గురించేనా అన్నాడు. ఎంత గొప్పగా ఊహించారో చూడండి! అల్లుడు మాత్రం ఏమీ చెప్పని పేరు కన్నా తప్పు చెప్పే పేరు ఇంకా డేంజర్ మావయ్యా అని మొదలెట్టాడు, యుద్ధం అనుకుని కొన్నోడు ఇంటికెళ్లి మూత తీస్తే కవ్వళ్లూ కానాగడతలూ కనిపిస్తాయి, ఆట ఎంత బాగున్నా వాడికి మోసపోయినట్టే ఉంటుంది, చేపలాట కావాలనుకునేవాడేమో అసలు డబ్బా ముట్టుకోడు, రెండు వైపులా పోయింది అని.

వాళ్ల పేర్లన్నీ పాసయ్యాయని కూడా కాదు లెండి. "వల వెయ్" అని ఒకటి పెట్టారు, చేపలు పట్టాలని అందరూ చెప్పారు, ఎలా ఓడిపోతారంటే మాత్రం తక్కువ చేపలు పడితే అన్నారు, ఎక్కడ ఆగాలన్నదే ఆట అని ఒక్కరికీ తట్టలేదు. "ఐస్ కరిగిపోద్ది" చూసి తొందరపడాలని కనిపెట్టారు గానీ పిల్లలు ఐస్‌క్రీమ్ కొట్టు ఆట అనుకున్నారు. "ఇంకో వల?" చూసినవాళ్లు మాత్రం ఎక్కువమంది అదే లైనులోకి వచ్చారు, అత్యాశకి పోతే ఉన్నది కూడా పోద్దా అని ఒకావిడ మిక్చర్ పొట్లం చేత్తో పట్టుకునే చెప్పేసింది. ఐస్ సంగతి ఎవరూ చెప్పలేదు. అది చెప్పక్కర్లేదంట, పేరు పని రూల్స్ చెప్పడం కాదంట, చేసే పని ఒకటి, భయం ఒకటి తగిలిస్తే చాలంట.

అంత చెప్పాలనుకుంటే చేపల ఆట అనే పెట్టుకోండి అని మా కమిటీలో రిటైర్డ్ లాయర్ గారు గట్టిగా అన్నారు, అని ఆయనే నాలిక్కరుచుకున్నారు. 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం సెక్షన్ 9 ప్రకారం సరుకు ఏ రకమో, ఎందుకు పనికొస్తుందో చెప్పడం తప్ప ఇంకేమీ లేని పేరుకి, వాడకంతో ప్రత్యేకమైన గుర్తింపు వచ్చి ఉంటే తప్ప, రిజిస్ట్రేషన్ ఇవ్వరట. అంటే చేపల ఆట అని పెడితే పక్క వీధిలో ఇంకోడు కూడా చేపల ఆట అమ్ముకుంటాడు, మనం చూస్తూ కూర్చోవాలి. సూచించే పేరుకి ఆ ఇబ్బంది తక్కువట, అచ్చంగా వర్ణించే పేరుకే ఎక్కువట. పూర్తిగా దాచకూడదు, పూర్తిగా చెప్పకూడదు, ఇదెక్కడి సంసారమో నాకర్థం కాదు.

పైగా కుర్రాళ్లు విదేశీ సాక్ష్యాలు పట్టుకొచ్చారు. సిడ్ సాక్సన్ అనే ఆయన 1980లో పాచికలతో ఇలాంటి అత్యాశ ఆటే చేసి దాని పేరు క్యాంట్ స్టాప్ అని పెట్టాడంట, ఆగలేను అని, ఆటగాడి జబ్బే డబ్బా మీద పేరు. నో థ్యాంక్స్ అని ఇంకో పేకాట ఉంది, బల్ల మీద పడ్డ ముక్క తీసుకోవాలి లేకపోతే ఒక బిళ్ల కట్టి వద్దు అనాలి, వద్దు అనడమే ఆట, అదే పేరు. ఆడేటప్పుడు నోట్లోంచి అసంకల్పితంగా వచ్చే మాటని వినిపట్టుకుంటే పేరు దానంతటదే దొరుకుతుందని వీళ్ల సిద్ధాంతం. నాకైతే ఇది బద్ధకం అనిపించింది. కష్టపడి నిఘంటువు తిరగేసిన మేమేమైపోవాలి?

చివరికి దెబ్బ ప్రింటింగ్ ప్రెస్‌లో పడింది. డబ్బా పక్కఅంచు సన్నగా ఉంటుంది, షాపులో డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు కొనేవాడికి కనిపించేది ఆ అంచొక్కటే. సామ్రాజ్యంలో రెండు వత్తులున్నాయి, వాటికి కింద చోటు వదలాలంటే అక్షరం చిన్నదైపోతుంది, పైగా అంత పొడుగు పేరు, రెండడుగుల దూరం నుంచి చూస్తే చీమల బారులా ఉంది. "ఇంకో వల?"లో ఒక్క వత్తు లేదు, అంచు నిండా లావుగా పట్టింది. ప్రెస్ ఆయన రెండు ప్రింట్లూ గోడకి ఆనించి ఏమీ మాట్లాడకుండా నా వైపు చూశాడు, అదొక రకం చూపు.

కమిటీ వెనక్కి తగ్గలేదు. మా పేరే ఖాయం చేశాం, అంచు మీద కనపడకపోతే భూతద్దం ఒకటి డబ్బాలో ఉచితంగా ఇవ్వాలని కూడా సూచించాం. ఒక్క చిక్కు మాత్రం మిగిలింది, ట్రయల్ గేమ్ పెట్టినచోటల్లా జనం ఆ సాగర సామ్రాజ్యం అనే మాట పొరపాటున కూడా పలకట్లేదు, మళ్లీ ఎప్పుడాడదాం ఆ ఇంకో వల ఆట అంటున్నారు. అందుకని రూల్‌బుక్‌లో కొత్త నిబంధన చేర్చాం: ఆట జరుగుచుండగా ఎవరునూ "ఇంకో వల" అని అరవరాదు, "సామ్రాజ్య విస్తరణ" అని మాత్రమే పలకవలెను, అతిక్రమించినచో ఒక ఐస్ దిమ్మ జప్తు చేయబడును.