రాడ్డు మానాలా, మార్చాలా?

"అన్నా, కట్టింగ్‌లో ఉన్న. ఐదు వారాల నుంచి తిండి తగ్గించిన. ఇప్పుడు షోల్డర్ ప్రెస్ కొడుతుంటే కుడి భుజం ముందు వైపు పట్టేస్తున్నది. 40 కిలోలు ఈజీగా పోయేది, ఇప్పుడు 30 కూడా నొప్పే. ప్రెస్ మానేస్తే ఉన్న భుజాలు కూడా పోతాయేమోనని టెన్షన్. ఏం చేయాలె?"

నల్గొండలో పానగల్లు రోడ్డు వైపు ఉన్న మా చిన్న జిమ్‌లో సాయి అడిగిన ప్రశ్న ఇది. జవాబు చెప్పడానికి ఇద్దరు లేచారు. నర్సింహన్న ఇరవై ఏళ్లుగా బరువులెత్తుతూ, పిల్లల చేత ఎత్తిస్తున్న మనిషి. శ్రీలత ఫిజియోథెరపిస్టు, పొద్దున మాతోపాటే రాడ్డు పడుతుంది.

నర్సింహ: ఇందులో ఆలోచించేదేముంది? నెల రోజులు భుజం ముట్టొద్దు. కాళ్లు చెయ్, నడువు. నెయ్యి మానేసి, అన్నం మానేసి కీళ్లు ఎండబెట్టుకున్నడు. తిండి పడితే అదే సర్దుకుంటది.

శ్రీలత: కీలులోని జిగురు నెయ్యి మానితే ఎండదన్నా. కానీ మీ మాటలో సగం నిజముంది. తిండి, నిద్ర తగ్గితే కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే తాడు లాంటి పట్టీ కోలుకోవడం నెమ్మదిస్తుంది. అందుకే అంతకుముందు తట్టుకున్న పనే ఇప్పుడు నొప్పవుతోంది. సాయీ, కట్టింగ్‌కు ముందు వారానికి ప్రెస్ ఎన్ని సెట్లు కొట్టేవాడివి?

సాయి: ఐదు, సోమవారం ఒక్కరోజే.

శ్రీలత: ఇప్పుడు?

సాయి: కట్స్ రావాలని పెంచిన అక్కా. సోమవారం ఐదు, గురువారం డంబెల్స్‌తో నాలుగు, గడ్డం దాకా రాడ్డు లాగేది నాలుగు. రోజూ పొద్దున వంద పుషప్స్.

ఇక్కడ అందరం ఒక్క క్షణం ఆగాం. తిండి సగమైంది, భుజం పని రెండింతలు దాటింది. తప్పు రాడ్డులో లేదని నాకు అప్పుడే అనిపించింది.

శ్రీలత: బరువెంత తగ్గావు?

సాయి: 78 నుంచి 72.

శ్రీలత: ఐదు వారాల్లో ఆరు కిలోలు. చాలా వేగం. వారానికి అర కిలో, మహా అయితే ముప్పావు కిలో దగ్గర ఆగితే కండ నిలుస్తుంది.

నర్సింహ: నేనన్నది అదేగా! కట్టింగ్ ఆపి భుజానికి రెస్టియ్యాలె. నా సంగతి తెల్వదా మీకు? జిల్లా పోటీ ముందు ఇట్లనే నొప్పి మొదలైతే, గోలీలేసుకుని కొట్టిన. తర్వాత ఆరు నెలలు తల దువ్వుకోనీకి ఎడమచెయ్యే దిక్కయింది.

శ్రీలత: మీరు నొప్పిని గోలీతో మూసి, అదే కదలిక అదే బరువుతో చేశారన్నా. నేను చెప్పేది కదలిక మార్చమని. సాయీ, ఉత్త చేయి పక్కకు ఎత్తు.

సాయి చేయి ఎత్తాడు. భుజం ఎత్తుకు రాగానే ముఖం ముడిచాడు, ఇంకా పైకి వెళ్లాక మామూలయ్యాడు. శ్రీలత అతని చేతిని పక్క నుంచి కొంచెం ముందుకు జరిపి, బొటనవేలు పైకి పెట్టించి మళ్లీ ఎత్తమంది. ఈసారి ముడుత లేదు.

శ్రీలత: చూశారా? అదే భుజం, దారి మారింది. ఇప్పుడు గోడ మూలలో చేసే ప్రెస్ చూపిస్తా.

ఆమె పాత టవల్ మడిచి గోడ మూలలో పెట్టి, రాడ్డు ఒక కొసను దానిలో ఆనించింది. రెండో కొసకు పది కిలోల ప్లేటు. ఇదే ల్యాండ్‌మైన్ ప్రెస్. సాయి కుడి మోకాలు నేల మీద ఆనించి, కుడి చేత్తో రాడ్డు కొసను భుజం ముందు నుంచి ఎదురుగా పైకి తోశాడు. చేయి నిట్టనిలువుగా తల మీదికి వెళ్లదు, ఏటవాలుగానే ఆగుతుంది. పదికి నొప్పి ఎంతంటే, "ఒకటి, ఒకటిన్నర" అన్నాడు. ఉత్త రాడ్డు తల మీదికి తోసినప్పుడు ఐదన్నాడు.

నర్సింహ: ఇది ప్రెస్సా? తల మీదికి పోనిదాన్ని షోల్డర్ ప్రెస్ అని ఎట్లంటవు? దీంతో 40 మళ్లీ వస్తదా?

శ్రీలత: నేరుగా రాదు. పై సగం తోపు కొంత మొద్దుబారుతుంది, దాన్ని ఒప్పుకుంటా. కానీ ఇప్పుడు మనకు కావాల్సింది కండ నిలబెట్టుకోవడం. సెట్లు బాగా తగ్గినా, బరువు గట్టిగా ఉంటే ఉన్న కండ నిలుస్తుంది. కట్టింగ్‌లో కండ పెంచాలని చూస్తేనే ఈ గొడవ. వారంలో రెండు రోజులు ఇది మూడు సెట్లు, ఎనిమిదేసి సార్లు. అరచేతులు ఒకదానికొకటి ఎదురుగా పెట్టి బెంచి మీద డంబెల్ ప్రెస్. కేబుల్‌తో కూర్చుని లాగేది నొప్పి లేకుంటే ఎప్పటిలా. సైడ్ లాటరల్ నాలుగు కిలోలతో, చేతులు కాస్త ముందుకు, భుజం ఎత్తు దాటకుండా. గడ్డం దాకా లాగేది, వంద పుషప్స్ ఇప్పటికి బంద్. ఏది చేసినా నొప్పి పదికి మూడు దాటొద్దు.

ఇంతలో సత్తయ్య సార్ ట్రెడ్‌మిల్ దిగి వచ్చారు. "నాదీ భుజమే అమ్మా, మూడు నెలల నుంచి. ఈ మూల ప్రెస్ నేనూ మొదలుపెట్టనా?" అన్నారు. ఆయనకు షుగర్ ఉంది. శ్రీలత ఆయన మోచేయిని నడుముకు ఆనించి పట్టుకుని, ముంజేతిని బయటికి తిప్పబోయింది. కొంచెం తిరిగి గట్టిగా ఆగిపోయింది.

శ్రీలత: సార్, మీది వేరు. వేరేవాళ్లు తిప్పినా తిరగడం లేదంటే కీలే బిగుసుకుంది. షుగర్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. ఎముకల డాక్టరుకు చూపించుకోండి. సాయికి ఇది పూర్తిగా తిరుగుతోంది.

నర్సింహ: సరే చెల్లె, నీ లెక్క ఒప్పుకుంట. ఒక్కటి చెప్పు. పదికి మూడు దాటొద్దంటవు. ఈ పిల్లలు ఆరును మూడంటరు. వాళ్ల నోటి లెక్క నమ్మి బరువెట్ల ఎక్కిస్తవు?

ఈ వాదంలో బరువైన ప్రశ్న ఇదే అని నా నమ్మకం. శ్రీలత కూడా కాసేపు ఆలోచించింది.

శ్రీలత: నోటి లెక్క వద్దు. మర్నాడు పొద్దున్నే చూద్దాం. షర్టు చేతిలోకి చేయి దూర్చేటప్పుడు నొప్పి ముందు రోజుకంటే ఎక్కువుంటే, సెట్టొకటి తీసేసి బరువు తగ్గిస్తాం. అంతే ఉంటే అదే బరువు. వరసగా రెండు వారాలు తగ్గుతూ వస్తే, అప్పుడు డంబెల్స్‌తో కూర్చుని తల మీదికి, తర్వాత ఉత్త రాడ్డు. రాత్రి ఆ పక్కకు పడుకోలేకపోయినా, చేయి ఎత్తలేనంత బలం తగ్గినా, వేళ్లలో తిమ్మిర్లు దిగినా ఈ ప్లాన్ ఆపేసి డాక్టరు దగ్గరికే. నొప్పి గోలీ వేసుకుని మాత్రం జిమ్‌కు రావొద్దు, ఆ రోజు మన లెక్కంతా తప్పుతుంది.

నర్సింహ: కట్టింగ్ ఆపమంటవా లేదా?

శ్రీలత: వేగం తగ్గిస్తే చాలు. మధ్యాహ్నం జొన్నరొట్టె వెనక్కి తెచ్చుకో సాయీ, గుడ్లు, చికెన్, పప్పు, పెరుగు కలిపి రోజుకు 120 గ్రాముల ప్రోటీన్ దగ్గరికి రా.

నర్సింహ: నేనైతే రెండు వారాలు కడుపునిండా తినమంట.

సాయి: అన్నా, మిర్యాలగూడలో అక్క పెండ్లి ఆరు వారాల్లో ఉంది.

ఆ మాట మీద ఇద్దరూ ఏకం కాలేదు. సాయి రెండో సెట్టుకు మోకాలు ఆనించాడు. రాడ్డు జారకుండా నర్సింహన్నే వెళ్లి మూలలో టవల్ మీద పాదం పెట్టి నిలబడ్డాడు. "ఎనిమిదే. తొమ్మిదోది కొట్టకు. రేపు షర్టు వేసుకోంగనే నాకు ఫోన్ చెయ్, ఆమెకు కాదు" అన్నాడు.