పద్యాన్ని దాచే కళ

పూర్వం నిధిని పాతిపెట్టి పైన పామును కాపలా ఉంచేవారట. ఈ కాలంలో పాము అవసరం లేదు. పద్యాన్ని వీడియోగా పెట్టి, పైన ‘అద్భుతం! తప్పక వినండి’ అని రాస్తే చాలు. ఆ తరువాత దాన్ని ఎవరూ తవ్వి తీయలేరు.

ఈ విద్యలో మా బావగారు సిద్ధహస్తులు. గొంతు చక్కగా ఉంటుంది, యతి దగ్గర ఆగి చదువుతారు. పోయిన నెల గజేంద్రమోక్షంలోని ‘అల వైకుంఠపురంబులో నగరిలో’ పద్యం చదివి పెట్టారు. శీర్షికలో పైన చెప్పిన మూడు ముక్కలు, పక్కన నాలుగు తామరపువ్వుల బొమ్మలు. కింద వివరణలో తన పేరు. కవి పేరు లేదు కనుక, రాసినవారూ బావగారే అని లోకం అనుకోవాలి. కాలం కూడా లేదు. అక్కడ కనిపించే ఒకే ఒక తేదీ ఆయన వీడియో ఎక్కించిన రోజు. ఆ లెక్కన పోతన మన సమకాలికుడు.

ఇంటర్ చదివే మా అమ్మాయికి మత్తేభం చదివే తీరు వినాల్సి వచ్చింది. పద్యం మొదటి మాటలతో వెతికింది. ఆ మాటలతోనే 2020లో ఒక సినిమా వచ్చింది కనుక తెర నిండా పాటలూ డ్యాన్సులూ వచ్చి పడ్డాయి. ‘మత్తేభం’ అని వెతికితే గణాలు చెప్పే పాఠాలు దొరికాయి కాని, పద్యం గొంతులో వినిపించలేదు. చివరికి ఇదే పద్యం మరెవరో చదివినవి రెండు దొరికాయి. ఒకదాని కింద మత్తేభం అని ఉంది, రెండోదాని కింద శార్దూలం అని ఉంది. ఏనుగా, పులా అని అమ్మాయి నన్ను అడిగింది.

పులి అన్నవారిని తిట్టలేను. చెవికి రెండూ దాదాపు ఒకటే. శార్దూలంలో మొదటి గురువును తీసేసి, దాని చోట రెండు లఘువులు పెడితే అదే మత్తేభం. మిగతా నడక అంతా ఒకటే. పందొమ్మిది అక్షరాలు ఇరవై అవుతాయి, పదమూడో అక్షరం మీద ఉండే యతి పద్నాలుగుకు జరుగుతుంది. కనుక పాదం మొదలు చూస్తే తేలిపోతుంది. ‘అ, ల’ రెండూ లఘువులు, అంటే ఏనుగే. ఇంకా అనుమానముంటే వేళ్ల మీద లెక్కపెట్టాలి. పద్నాలుగో అక్షరం ‘నగరిలో నా మూల’లోని ‘నా’. ‘నగరిలోన్, ఆ మూల’ అని విడదీస్తే లోపలి ‘ఆ’ బయటపడి, మొదటి ‘అ’తో యతి కుదురుతుంది. అర నిమిషం పని. కాని బొమ్మలు ఎంచుకోవడానికే కాలం చాలనివారికి అర నిమిషం ఎక్కడిది?

భాష సంగతి ఇంకా రుచికరం. బావగారి ఫోను ఇంగ్లీషులో ఉంటుంది. వీడియో భాష అన్న గడిని ఆయన ముట్టుకోలేదు, అది కూడా ఇంగ్లీషుగానే ఉండిపోయింది. పైగా ‘మందారవనాంతరామృత సరః ప్రాంతేందుకాంతోపలోత్పల’ అని సమాసం సాగుతుంటే, కొత్తవారు సంస్కృతమనుకుంటారు. ‘నగరిలో’, ‘యగు’, ‘యనఁ’ వినిపిస్తే కాని తెలుగని తెలియదు. అందుకే భాష పేరు రాయాలి. తెలుగు లిపిలో శ్లోకం కనిపించగానే తెలుగు అని రాసేసే పెద్దలకూ ఇదే మనవి.

చాటుపద్యాలైతే నేనూ కాస్త జాలిపడతాను. నచ్చిన ప్రతి చాటువునూ శ్రీనాథుడికో తెనాలి రామకృష్ణుడికో అంటగట్టడం మనకు అలవాటు. అక్కడ ‘చాటువు, శ్రీనాథుడిదని ప్రసిద్ధి’ అని రాస్తే సరిపోతుంది. వెతికేవాడికి దొరుకుతుంది, మనం అబద్ధమాడినట్టూ ఉండదు.

చివరికి బావగారికి ఒక శీర్షిక రాసి పంపాను: ‘అల వైకుంఠపురంబులో – పోతన – 15వ శతాబ్దం – మత్తేభం – తెలుగు’. వివరణలో బమ్మెర పోతన, పోతనామాత్యుడు, Pothana, Potana అని నాలుగు రకాలుగానూ రాయమన్నాను, వెతికేవారు ఎలా కొడతారో తెలియదు కదా.

“శీర్షికకు నూరు అక్షరాలే ఇస్తారోయ్, ఇదంతా పడుతుందా?” అన్నారు.

“పడుతుంది బావగారూ, పువ్వులకు కూడా చోటుంటుంది” అన్నాను.

మర్నాడు చూశాను. పోతన ఉన్నాడు, శతాబ్దం ఉంది, తెలుగు ఉంది. మత్తేభం ఉండాల్సిన చోట ఉత్పలమాల ఉంది. ఫోను చేశాను.

“నువ్వు పొరబడ్డావు, నేనే సరిచేశాను” అన్నారు. “రెండో పాదం చివర, మూడో పాదం మొదట కలిపి చూడు. ఉత్పల అని పోతనగారే చెప్పారు.”