నలుగురి ప్రాజెక్టులో మీ వంతు ఏది?

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం ప్రాంతాల్లో ఈ ఏడాది ఇంజినీరింగ్ పూర్తిచేసిన తెలుగు విద్యార్థుల రెజ్యూమేలను పక్కపక్కన పెట్టి చదివితే ఒక విషయం వెంటనే కనిపిస్తుంది. ఒకే ప్రాజెక్టు బృందంలోని నలుగురూ ఒకే శీర్షికను, దాని కింద ప్రాజెక్టు రిపోర్టు మొదటి పేజీ నుంచి తీసుకున్న అవే మూడు వాక్యాలను పెట్టుకుంటారు. వాటిని చదివే అధికారికి ఆ నలుగురిలో ఎవరు ఏ పని చేశారో తెలిసే మార్గం ఉండదు. తెలియనప్పుడు ఆయన చూడగలిగేది సీజీపీఏ ఒక్కటే. మార్కులు కాస్త తక్కువైనా చేతిపని బాగా తెలిసిన విద్యార్థి నష్టపోయేది సరిగ్గా ఇక్కడే. అందుకే, ఉద్యోగానుభవం లేని పట్టభద్రుడు ప్రొఫైల్ పొడవును పెంచే ప్రయత్నం మానుకుని, బృందం పనిలోంచి తన పనిని విడదీసి, ఎదుటివారు సరిచూసుకోగలిగేలా చూపడం మీదే శ్రమ పెట్టాలన్నది నా అభిప్రాయం.

ఒక ఉదాహరణను పూర్తిగా చూద్దాం. ఎలక్ట్రికల్ చదివిన రాయగడ అమ్మాయి ఒకరు ఉన్నారనుకుందాం. చివరి సంవత్సరంలో నలుగురు కలిసి ‘ఐఓటీ ఆధారిత ట్రాన్స్‌ఫార్మర్ హెల్త్ మానిటరింగ్’ ప్రాజెక్టు చేశారు. ఈ పేరుతో ప్రాజెక్టు చేయని ఎలక్ట్రికల్ విభాగం అరుదు కాబట్టి ఆ శీర్షిక ఒక్కటే ఆమెకు ఏ మేలూ చేయదు. ల్యాబ్‌లోని చిన్న సింగిల్ ఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఉష్ణోగ్రత సెన్సర్, కరెంటు సెన్సర్ బిగించి, నోడ్‌ఎంసీయూ బోర్డు ద్వారా రీడింగులను వెబ్ పేజీకి పంపడం మొత్తం బృందం పని. అందులో కరెంటు కొలిచే భాగం ఈమెది.

ఆ భాగంలో జరిగింది ఇది. వాడిన సెన్సర్ ఏసీఎస్712, 20 ఆంపియర్ల రకం. కరెంటు లేనప్పుడు దాని అవుట్‌పుట్ 2.5 వోల్టులు ఉంటుంది. ఒక్కో ఆంపియర్‌కు 100 మిల్లీవోల్టుల చొప్పున అటూ ఇటూ కదులుతుంది. నోడ్‌ఎంసీయూ బోర్డులోని అనలాగ్ పిన్ చదవగలిగేది 3.3 వోల్టుల వరకే. అంటే పైవైపు మిగిలిన చోటు 0.8 వోల్టులు, కరెంటు లెక్కలో 8 ఆంపియర్ల శిఖరం. ఆర్ఎంఎస్ విలువగా చూస్తే సుమారు 5.7 ఆంపియర్లు. అది దాటితే తరంగం పైభాగం తెగిపోతుంది. రెండు కాయిళ్ల గది హీటరును లోడుగా పెట్టినప్పుడు, ఒక కాయిల్ మీద, అంటే 1000 వాట్ల దగ్గర, స్క్రీన్ మీది రీడింగు క్లాంప్ మీటరుతో సరిపోయింది. రెండో కాయిల్ కూడా వేసేసరికి క్లాంప్ మీటరు 8.7 ఆంపియర్ల దగ్గర ఉంటే స్క్రీన్ ఎనిమిది కూడా చూపలేదు. బోర్డు చదివిన ముడి అంకెలను వరుసగా రాసి చూస్తే, ప్రతి సైకిల్‌లోనూ పైవైపు అంకెలు గరిష్ఠ విలువ దగ్గరే ఆగిపోతున్నాయి, కిందివైపు మాత్రం సజావుగా తిరుగుతున్నాయి. లోపం సెన్సర్‌లో లేదని, పిన్ పరిధిలో ఉందని అప్పుడు తేలింది. 10 కిలో ఓమ్‌లు, 20 కిలో ఓమ్‌ల రెసిస్టర్లతో వోల్టేజీ డివైడర్ పెట్టి, సెన్సర్ వోల్టేజీలో మూడింట రెండు వంతులే పిన్‌కు చేరేలా ఆమె సరిచేశారు.

ఇంత పని చేసిన విద్యార్థిని రెజ్యూమేలో ‘ఐఓటీ ద్వారా ట్రాన్స్‌ఫార్మర్ పరామితులను పర్యవేక్షించే వ్యవస్థను రూపొందించాం’ అని రాసి ఊరుకుంటే, ఉన్న సొత్తును తానే దాచుకున్నట్టు. దాని స్థానంలో రెండు వాక్యాలు చాలు. నలుగురి బృందంలో కరెంటు కొలత భాగం నాది అన్నది మొదటిది. సుమారు 5.7 ఆంపియర్లు దాటాక రీడింగు అసలు కంటే తక్కువగా వస్తున్న లోపాన్ని క్లాంప్ మీటరుతో పోల్చి గుర్తించి, వోల్టేజీ డివైడరుతో సరిచేశాను అన్నది రెండోది. సరిచేసిన తర్వాత 2 కిలోవాట్ల లోడు దగ్గర మిగిలిన తేడా ఎంతో కొలిచి ఉంటే ఆ అంకెను కూడా చేర్చాలి; కొలవకపోతే అంకె వేయకూడదు. ‘కచ్చితత్వం 95 శాతం పెరిగింది’ వంటి వాక్యాలు ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్నకు కూలిపోతాయి. దేనితో పోల్చారని అడగ్గానే జవాబు ఉండదు.

ఈ రెండు వాక్యాల అసలు ప్రయోజనం, అడిగేవారిని మీకు తెలిసిన చోటికి తీసుకురావడం. డివైడర్ పెట్టడం వల్ల ఏమి కోల్పోయారని ఆయన అడగవచ్చు. అంతకు ముందు ఒక ఆంపియర్‌కు బోర్డు చదివే అంకె సుమారు 31 మెట్లు కదిలేది, ఇప్పుడు సుమారు 21 మాత్రమే కదులుతుంది కాబట్టి చిన్న కరెంటుల దగ్గర సూక్ష్మత తగ్గిందని చెప్పగలిగిన అమ్మాయిని ఆయన మర్చిపోరు. చేసిన మార్పుకు చెల్లించిన మూల్యం కూడా తెలిసినవారే ఆ పని స్వయంగా చేశారని ఎదుటివారు నమ్ముతారు.

చెప్పినదానికి ఆధారం ఒకచోట ఉండాలి. గిట్‌హబ్‌లో ఇంతకంటే పెద్ద ఏర్పాటు అవసరం లేదు:

```
README.md
circuit.pdf
current_rms.ino
readings.csv
```

వీటిలో అన్నిటికంటే విలువైనది చివరిది. లోడు, క్లాంప్ మీటరు రీడింగు, మార్పుకు ముందు స్క్రీన్ రీడింగు, మార్పు తర్వాత రీడింగు అని నాలుగు నిలువు వరుసలు, పది పన్నెండు అడ్డు వరుసలు ఉంటే సరిపోతుంది. కోడ్‌ను ఎక్కడి నుంచైనా తెచ్చుకోవచ్చు గానీ, మన ల్యాబ్‌లో మన చేత్తో తీసిన కొలతల పట్టిక ఇంకెక్కడా దొరకదు. కోడ్‌లో కొంత భాగం వేరొకరిదైతే ఆ మాట README ఫైలులోనే రాయాలి. రెజ్యూమేలు పంపే ముందు నలుగురూ ఒకసారి కూర్చుని, ఉష్ణోగ్రత, అలారం ఎవరిది, వెబ్ పేజీ ఎవరిది, వైరింగ్, పెట్టె ఎవరిది అని తేల్చుకుని, ఒక్కొక్కరూ తమ వాక్యాలను వేరుగా రాసుకోవాలి. ఒకే క్యాంపస్ ఇంటర్వ్యూకు నలుగురూ వెళ్లే సందర్భంలో ఇది తప్పనిసరి, ఎందుకంటే మొదటి విద్యార్థి ఇచ్చిన జవాబుతోనే ప్యానెల్ మూడో విద్యార్థిని ప్రశ్నిస్తుంది.

ఇంటర్న్‌షిప్ విషయంలో మన ప్రాంతానికి ఒక అనుకూలత ఉంది. తేరుబలిలో ఫెర్రో క్రోమ్, జేకేపూర్‌లో కాగితం, దామన్‌జోడిలో అల్యూమినా, సునాబేడలో విమాన ఇంజిన్లు తయారుచేసే కర్మాగారాలు కొద్ది గంటల ప్రయాణ దూరంలోనే ఉన్నాయి. ఇలాంటి చోట్ల నాలుగు వారాలు గడిపిన విద్యార్థికి పెద్ద పనులు అప్పగించరు; అది అందరికీ తెలిసిన విషయమే. అయినా చూసినదాన్ని చేసినట్టు రాసే అలవాటు చాలామందిలో ఉంది. చేశాను, సహాయపడ్డాను, గమనించాను అనే మూడు మాటలను కచ్చితంగా వేరుచేసి వాడాలని నేను గట్టిగా చెబుతాను. సబ్‌స్టేషన్‌లో ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ ఎంత వోల్టేజీని తట్టుకుంటుందో చూసే బీడీవీ పరీక్షను ఆ అమ్మాయి దగ్గరుండి చూసి, రీడింగులను రిజిస్టరులో నమోదు చేశారనుకుందాం. ‘ఆయిల్ పరీక్ష నిర్వహించాను’ అని రాస్తే అబద్ధమవుతుంది. ‘పరీక్షను గమనించి రీడింగులు నమోదు చేశాను’ అని రాస్తే అదే నిజం, అది తక్కువేమీ కాదు. ఎలక్ట్రోడ్ల మధ్య దూరం 2.5 మిల్లీమీటర్లు ఎందుకు పెడతారు, ఒక్కసారితో ఆపకుండా ఆరుసార్లు బ్రేక్‌డౌన్ చేసి సగటు ఎందుకు తీస్తారు అన్నవి ఆమె ఆ రోజు సూపర్‌వైజరును అడిగి తెలుసుకుని ఉంటే, గమనించడం కూడా అర్హతగానే నిలుస్తుంది. కర్మాగారం లోపలి ఫోటోలను, సింగిల్ లైన్ డయాగ్రమ్‌లను, రిజిస్టరు పేజీలను మాత్రం అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకూడదు. ఆ ఒక్క పోస్టు చూసి, ఈ మనిషికి తమ ప్లాంటు సమాచారాన్ని ఎలా అప్పగించాలని నియామక అధికారి వెనక్కి తగ్గుతారు.

ఇంట్లో కూర్చుని పూర్తిచేసిన ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్‌ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. తరగతి మొత్తానికి ఒకే పని ఇచ్చి ఒకే సర్టిఫికెట్ పంచేవి ఐదు ఉన్నా, నిజంగా ఏదైనా తయారుచేసినది ఒక్కటే ఉంచి మిగిలినవి తీసేయడం మంచిది. తేదీలను కూడా చూసుకోవాలి. సెమిస్టర్ పరీక్షల వారాల్లోనే ప్లాంటులో ఉన్నట్టు, లింక్డ్‌ఇన్‌లో ఒక నెల, రెజ్యూమేలో మరో నెల ఉన్నట్టు కనిపిస్తే మిగతా నిజాలన్నిటి మీదా అనుమానం పడుతుంది.

ఒకే రెజ్యూమే అన్ని చోట్లకూ పనికిరాదు. కర్మాగారం మెయింటెనెన్స్ విభాగానికి పంపేటప్పుడు సబ్‌స్టేషన్ ఇంటర్న్‌షిప్ పైన, ప్రాజెక్టు కింద ఉండాలి. హైదరాబాద్‌లోని ఎంబెడెడ్ సంస్థకు పంపేటప్పుడు ఆ వరుస తిరగబడాలి. లింక్డ్‌ఇన్ హెడ్‌లైన్‌కు 220 అక్షరాల చోటు ఉంది. అందులో ‘ఉద్యోగం కోసం చూస్తున్న తాజా పట్టభద్రురాలు’ అని నింపితే ఏ వెతుకులాటలోనూ దొరకరు. డిగ్రీ, విభాగం, కరెంటు కొలత, మైక్రోకంట్రోలర్, సబ్‌స్టేషన్ ఇంటర్న్‌షిప్ అన్న మాటలు ఉంటే దొరికే అవకాశం పెరుగుతుంది. నౌక్రీ వంటి పోర్టళ్లలో కోరుకునే ఊరుగా రాయగడ ఒక్కటే పెట్టడం మరో పొరపాటు. నియామకాలు చేసేవారు ఊరి ఆధారంగా వడపోస్తారు కాబట్టి విశాఖపట్నం, భువనేశ్వర్, హైదరాబాద్ కూడా ఉండాలి, వెళ్లడానికి నిజంగా సిద్ధమైతేనే.

సరిహద్దు విద్యార్థులు చివరి గీతలో మూలకు నెట్టేసే భాషల వివరాలు ఇక్కడి ప్లాంట్లకు పనికొచ్చే సమాచారం. ఒక షిఫ్టులో సూపర్‌వైజరు ఒడియాలో, కాంట్రాక్టు కార్మికుడు తెలుగులో, పై అధికారి హిందీలో మాట్లాడే పరిస్థితి ఉన్నప్పుడు మూడింటిలోనూ సూచనలు ఇవ్వగలగడం పనిలో భాగమే. అయితే ఒడియా మాట్లాడగలరా, చదవగలరా, రాయగలరా అన్నది విడివిడిగా చెప్పాలి. ఇళ్లలో తెలుగు, బజారులో ఒడియా వినిపించే మన పట్టణాల్లో మాట్లాడడం వచ్చి రాయడం రానివారు చాలామంది ఉన్నారు. లాగ్‌బుక్ రాయమన్న రోజున ఆ తేడా బయటపడుతుంది.

వెంటనే ఉద్యోగం దొరకనివారు కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ శిక్షణ పథకమైన నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌షిప్‌కు ప్రయత్నించడం, మరో పది సర్టిఫికెట్లు పోగుచేయడం కంటే మేలు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద సాధారణంగా ఒక ఏడాది సాగే ఈ శిక్షణలో స్టైపెండు ఉంటుంది. ఉద్యోగ హామీ ఉండదు. కానీ ‘గమనించాను’ అన్న మాట ‘చేశాను’గా మారేందుకు కావలసిన సమయం అందులో దొరుకుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఏడాది లేదా అంతకు మించి ఉద్యోగానుభవం ఉన్నవారు దరఖాస్తుకు అర్హులు కారని ఈ నోటిఫికేషన్లలో సాధారణంగా షరతు పెడతారు. నెల రోజుల ఇంటర్న్‌షిప్‌లను కలిపి, సాగదీసి, పోర్టళ్లలో ‘ఒక సంవత్సరం అనుభవం’ అని చూపించుకున్నవారు ఈ దరఖాస్తు పెట్టే ముందు ఆ మాటను అన్ని చోట్లా సరిదిద్దుకోవాలి.