ఎడిసన్ సిలిండర్ గాడిలో ధ్వని లేదు

"ప్రపంచంలో తొలి రికార్డింగ్" అని ఇంటర్నెట్‌లో వెతికితే, "మేరీ హ్యాడ్ ఎ లిటిల్ ల్యాంబ్" అని చెప్పే ఎడిసన్ గొంతు వినిపిస్తుంది. చాలామంది దాన్ని 1877 నాటిదే అనుకుని షేర్ చేస్తుంటారు. నిజానికి అది ధ్వనిని రికార్డు చేసి వినిపించే ఎడిసన్ యంత్రం ఫోనోగ్రాఫ్‌కు 50 ఏళ్లు నిండిన సందర్భంగా, 1927లో, ఎనభై ఏళ్ల ఎడిసన్ మళ్లీ చెప్పి రికార్డు చేయించినది. అసలు 1877లో ఆయన మాటలు రికార్డయిన తగరపు రేకు మనకు దక్కలేదు. దాచుకోవాలన్న ధ్యాస లేక పోయిందని సరిపెట్టుకోవచ్చు గానీ, ఆ యంత్రం ఎలా పనిచేసేదో చూస్తే అసలు కారణం అక్కడే కనిపిస్తుంది.

ఫోనోగ్రాఫ్ అనగానే మనకు గ్రామఫోన్ ప్లేటు గుర్తొస్తుంది. ప్లేటులో గాడి ఉంటుంది, గాడి గోడల్లోనే పాట ఉంటుంది. అదే ఊహతో, ఎడిసన్ ఇత్తడి సిలిండర్ మీద ఉన్న గాడిలో కూడా ధ్వని చెక్కి ఉంటుందని అనుకుంటాం. కానీ ఆ గాడి ఖాళీ. ఎవరూ నోరు విప్పకముందే దాన్ని వర్క్‌షాపులో మర కోసినట్టు కోసేశారు. సిలిండర్ చుట్టూ ఒక చివర నుంచి ఇంకో చివరకు మెలికలు తిరుగుతూ పోతుంది. అంగుళానికి 10 చుట్లు ఉండవచ్చని పేటెంట్‌లోనే రాసుకున్నారు. దీని మీద పల్చటి తగరపు రేకును బిగుతుగా చుట్టేవారు. రేకు గాడి గట్ల మీద ఆనుతుంది, గాడి ఉన్న చోట మాత్రం దాని కింద ఏమీ ఉండదు. సూది సరిగ్గా ఆ ఖాళీ మీద నిలబడి, గొంతు అదిరినప్పుడల్లా రేకును కిందికి నొక్కుతుంది. రేకు వంగడానికి చోటిచ్చేదే గాడి. ధ్వని నిలిచేది రేకు మీది నొక్కుల్లో.

సూది ఆ ఖాళీ మీదే ఉండాలంటే సిలిండర్ తిరుగుతూ పక్కకు కూడా జరగాలి. అందుకే దాని ఇరుసుకు కూడా అంతే దగ్గరగా, అంగుళానికి 10 చొప్పున మరలు వేశారు. పిడి ఒక చుట్టు తిప్పితే సిలిండర్ అంగుళంలో పదో వంతు జరుగుతుంది, సూది కిందికి సరిగ్గా గాడి తర్వాతి చుట్టు వస్తుంది. ఈ రెండు కొలతలూ కలవకపోతే సూది గట్టు ఎక్కుతుంది. అక్కడ రేకు కింద ఇత్తడి ఉంది కాబట్టి నొక్కు పడదు, మాట ఆ చోట మింగేసినట్టు తెగిపోతుంది. సూదిని మరీ లోతుగా దించితే రేకు చిరుగుతుంది, మరీ పైకి ఉంచితే గీత కనిపిస్తుంది గానీ ధ్వని రాదు. ప్రదర్శనకు ముందు దీన్ని సర్దడమే పెద్ద టెన్షన్ అయి ఉంటుందని నా అనుమానం.

కరెంటు లేదు, మోటారు లేదు. మాట్లాడే మనిషి గొంతు ధ్వనే బూరలోంచి వెళ్లి పల్చటి పొరను అదిలించాలి, ఆ పొర వెనక ఉన్న సూదే రేకును వంచాలి. అందుకే బూరలోకి దాదాపు అరవాల్సి వచ్చేది. వినేటప్పుడు సిలిండర్‌ను వెనక్కి తిప్పి మొదటికి తెచ్చి, రెండో వైపు ఉన్న ఇంకో పొర, ఇంకో సూది ఆనించేవారు. ఈ సూది తేలిగ్గా నొక్కుల మీదుగా ఎక్కి దిగుతుంటే, పొర అదిరి గాలిని అదిలించేది. రాసిన దారిలోనే మళ్లీ నడవడం, అంతే.

ఎడిసన్ ప్రయోగశాల ఉన్న మెన్లో పార్క్‌లో ఈ యంత్రాన్ని తయారుచేసింది జాన్ క్రూసీ అనే స్విస్ మెకానిక్. 1877 ఆగస్టు 12న ఎడిసన్ బొమ్మ గీసి ఇచ్చాడని కథ ఒకటి ఇప్పటికీ తిరుగుతోంది. ఆ తేదీ ఆ బొమ్మ మీద చాలా ఏళ్ల తర్వాత రాసుకున్నది. సహచరుడు చార్లెస్ బాచెలర్ డైరీని బట్టి యంత్రం సిద్ధమైంది డిసెంబర్ మొదటి వారంలో. మర్నాడే దాన్ని న్యూయార్క్‌లోని 'సైంటిఫిక్ అమెరికన్' పత్రిక ఆఫీసుకు తీసుకెళ్లారు. యంత్రం అక్కడున్న వాళ్ల యోగక్షేమాలు అడిగి, తాను బాగానే ఉన్నానని చెప్పిందని పత్రిక రాసింది. క్రిస్మస్ ముందు రోజు పేటెంట్‌కు దరఖాస్తు పెట్టారు.

ఇంతకీ వినిపించింది ఎంత స్పష్టంగా? లెక్క వేసి చూద్దాం. సిలిండర్ చుట్టుకొలత 30 సెంటీమీటర్లు, పిడి సెకనుకు ఒక చుట్టు తిప్పారు అనుకుందాం. అంటే సూది కింద రేకు సెకనుకు 30 సెంటీమీటర్లు జరుగుతుంది. సెకనుకు 1000 సార్లు అదిరే ధ్వనికి ఒక్కో నొక్కుకు దక్కేది 0.3 మిల్లీమీటర్లు. మొండి సూదికి అది కష్టమే గానీ అసాధ్యం కాదు. 'స', 'ష' లాంటి అక్షరాల్లో ఉండే బుసకు సెకనుకు 5000 అదుర్లు అనుకుంటే దక్కేది 0.06 మిల్లీమీటర్లు. సూది మొన దాని కంటే వెడల్పు, పైగా రేకు సాగి పక్క నొక్కును కూడా లాగేస్తుంది. అచ్చులు గట్టిగా పలికి బుసలు మాయమయ్యేది అందుకే. 'మేరీ' పద్యం తెలిసిన వాళ్లకు మాటలు చక్కగా వినిపించాయి. తెలియని వాక్యం వినిపిస్తే తడబడటం సహజం. ప్రదర్శనల్లో అందరికీ తెలిసిన పిల్లల పద్యాలు వాడటం తెలివైన పనే.

ఇక చేత్తో తిప్పడం. మాట్లాడినప్పటి కంటే వినిపించేటప్పుడు పిడి 20 శాతం వేగంగా తిరిగితే, షడ్జమంలో పాడింది సాధారణ గాంధారం దగ్గర వినిపిస్తుంది. మాటకైతే సర్దుకుపోవచ్చు. పాటలో చెయ్యి ఒకసారి వేగంగా, ఒకసారి మెల్లగా ఆడితే శ్రుతి ఊగిపోతుంది. బరువైన చక్రం తగిలించి ఈ ఇబ్బందిని కొంత తగ్గించారు.

అన్నిటికంటే మొండి సమస్య రేకుదే. గొంతు బలానికే వంగేంత మెత్తగా ఉండాలి, లేకపోతే రికార్డు కాదు. అంత మెత్తటిది, వినిపించే సూది రాపిడికి కూడా వంగుతుంది. ప్రతి సారి విన్నప్పుడూ నొక్కులు కొంచెం చదునవుతాయి. కొన్ని సార్లకే మాట గరగరగా మారిపోతుంది. పోనీ వినకుండా దాద్దామంటే, సిలిండర్ నుంచి విప్పిన రేకును మళ్లీ గాడికి సరిగ్గా ఆనించి చుట్టడం అయ్యే పని కాదు. ఎడిసన్ తన యంత్రాన్ని ఆఫీసు ఉత్తరాలకూ, కుటుంబంలో వాళ్ల గొంతులు దాచుకోవడానికీ వాడుకోవచ్చని ప్రచారం చేశాడు. 1878 నాటి రేకుతో అది జరిగే పని కాదు. వింత తీరాక జనం వెళ్లిపోయారు, ఎడిసన్ కూడా విద్యుత్ బల్బు పనిలో పడ్డాడు.

దారి చూపింది వాషింగ్టన్‌లోని చిచెస్టర్ బెల్, చార్లెస్ టెయింటర్. వాళ్లు నొక్కడం మానేసి కోయడం మొదలుపెట్టారు. అట్ట సిలిండర్ మీద మైనం పూసి, పదునైన సూదితో మైనాన్ని గీకి తీసేశారు. కింద ఖాళీ గాడి అవసరం లేకుండా పోయింది, ఎందుకంటే పదార్థం వంగడం లేదు, తెగి బయటికి వస్తోంది. 1886లో వాళ్లకు పేటెంట్ వచ్చాక ఎడిసన్ మళ్లీ ఈ పనిలోకి దిగి, 1888 నాటికి పూర్తి మైనం సిలిండర్లకు మారాడు. మనం గాడి అని పిలిచే దానిలోకి ధ్వని నిజంగా దిగింది ఇక్కడ.

తగరపు రేకుల్లో మిగిలినవి బహు కొద్ది. సెయింట్ లూయిస్‌లో 1878లో రికార్డు చేసిన ఒకదాన్ని 2012లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ సాయంతో వినగలిగారు. సూది ఆనిస్తే చిరిగిపోతుంది కాబట్టి కాంతితో రేకు ఎత్తుపల్లాలను కొలిచి, సూది ఎలా కదిలేదో కంప్యూటర్‌లో లెక్కగట్టారు. 78 సెకన్ల రికార్డింగ్ అది. కార్నెట్ వాయిద్యం, ఓ మగ గొంతులో పిల్లల పద్యాలు, మధ్యలో నవ్వు. మడతలు పడిన ప్రతి చోటా టక్ టక్‌మని చప్పుడు. పిడి ఎంత వేగంతో తిప్పారో మాత్రం ఏ రేకు మీదా రాసి ఉండదు. ఆ మనిషి గొంతు నిజంగా ఎంత శ్రుతిలో ఉండేదన్నది వినేవాళ్ల అంచనాకే వదిలేయాలి.